సిజేరియన్లలో యాంటీబయాటిక్ ఆడిట్: ఎన్ని షీట్లు తీయాలి, ఏది లెక్కలోకి వస్తుంది, యూనిట్లకు ఎలా చెప్పాలి?

క్వాలిటీ_డీహెచ్

అందరికీ నమస్కారం. జిల్లా ఆసుపత్రిలో క్వాలిటీ మేనేజర్‌ని. నెలకి సుమారు 160 సిజేరియన్లు, మూడు గైనిక్ యూనిట్లు. సూపరింటెండెంట్ సార్ యాంటీబయాటిక్ ఆడిట్ మొదలుపెట్టమన్నారు. ఆసుపత్రి మొత్తం మీద పడకుండా సిజేరియన్ ముందు ఇచ్చే డోసుతో మొదలుపెడదాం అనుకున్నాం. మా యాంటీబయాటిక్ పాలసీలో ఉన్నది ఇంతే: సెఫజోలిన్ 2 గ్రాములు ఐవీ, కోత పెట్టే ముందు 60 నిమిషాల లోపు, ఒక్క డోసు. ఏ కారణంతో కొనసాగించినా 24 గంటలు దాటకూడదు.

అడగాల్సినవి మూడున్నాయి. ఎన్ని కేస్ షీట్లు, ఎలా ఎంచుకోవాలి? షీట్లో టైము రాయకపోతే తప్పు కింద వెయ్యాలా, వదిలెయ్యాలా? ఫలితం యూనిట్ చీఫ్‌లకు ఎలా చెప్పాలి? పోయినసారి హ్యాండ్ హైజీన్ మార్కులు గోడకి అంటించినందుకే పెద్ద గొడవైంది.

ఓపీ_చీటీ

మంచి పని. మా పీహెచ్‌సీలో జలుబుకి అజిత్రోమైసిన్ రాయడం ఆగట్లేదు. ఓపీ రిజిస్టర్లోంచి నెలకి 30 పేర్లు తీస్తే సరిపోతుందా? ఎన్‌క్వాస్ ఫారం కూడా ఉంది కదా, దాన్నే వాడండి.

మైక్రో_మేడమ్

ఓపీ_చీటీ గారూ, ఇక్కడ అడిగింది వేరండీ. ఆ ఫారం ఓపీ చీటీల కోసం: జెనరిక్ పేరు రాశారా, అర్థమయ్యేలా ఉందా, డోసు ఉందా అన్నవి చూస్తుంది. మందు ఎన్ని గంటలకి పడింది, ఎప్పుడు ఆగింది అన్నది దానికి అందదు. మీ విషయంలో ఇంకో చిక్కుంది. చీటీ రోగితో ఇంటికి పోతుంది, రిజిస్టర్లో మందు పేరు చాలాసార్లు ఉండదు. ఫార్మసీ కిటికీ దగ్గర చీటీ ఫొటో తీసుకుంటే తప్ప ఓపీ ఆడిట్ నిలబడదు. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

క్వాలిటీ గారూ, మీరు విషయాన్ని ఇంత చిన్నగా తీసుకోవడమే సరైనది. శాంపిల్ సంగతి చూద్దాం.

60 షీట్లు చాలు. పెద్ద జనాభాలో ఒక శాతాన్ని పది అటూఇటూగా తెలుసుకోవడానికి 96 కావాలి. మీ దగ్గర నెల మొత్తానికి ఉన్నవే 160 కాబట్టి అంత అక్కర్లేదు:

```
n = 96 / (1 + 95/160) = 60.2
```

ఎంచుకోవడానికి ఆధారం ఓటీ రిజిస్టర్ కావాలి, మెడికల్ రికార్డ్స్ గదిలో బీరువా కాదు. బీరువాలోంచి చేతికందిన 60 తీస్తే తిరిగొచ్చిన షీట్లే వస్తాయి. రాని షీట్లు ఎక్కడుంటాయి? క్లెయిమ్ కౌంటర్లో, రివ్యూ మీటింగ్ కోసం పక్కన పెట్టిన కట్టలో, కుట్లు చీము పట్టి మళ్లీ చేరిన తల్లి మంచం దగ్గర. అంటే అసలు చూడాల్సినవే బయట ఉంటాయి. నెలలో మొదటి 60 తీసుకోవడమూ వద్దు. పదకొండు, పన్నెండు రోజుల్లోనే అయిపోతాయి, ఒక యూనిట్ ఎమర్జెన్సీ డ్యూటీలు ఎక్కువ పడి ఇంకో యూనిట్‌వి తక్కువ పడతాయి.

రిజిస్టర్లో ఆ నెల సిజేరియన్లకు 1 నుంచి 160 వరకు వరస నంబర్లు వెయ్యండి. ఎక్సెల్‌లో B1లో ఇది కొట్టండి:

```
=RAND()*160/60
```

వచ్చిన సంఖ్యని కాపీ చేసి అదే గడిలో వాల్యూగా పేస్ట్ చెయ్యండి. లేకపోతే షీట్ తెరిచిన ప్రతిసారీ మారిపోతుంది, మీ జాబితా ఎవరికీ చూపించలేరు. తర్వాత A1లో ఇది పెట్టి A60 దాకా లాగండి:

```
=ROUNDUP($B$1+(ROW()-1)*160/60,0)
```

B1లో 1.4 వచ్చిందనుకోండి, వరసగా 2, 5, 7, 10... అలా నెల చివరిదాకా సమంగా పరుచుకుంటాయి. పగలు, రాత్రి, ఎలక్టివ్, ఎమర్జెన్సీ అన్నీ తమ వాటా ప్రకారం వస్తాయి.

గైనిక్_రావు

శాంపిల్ ఎలాగైనా తీయండి. ముందు పాలసీయే సరిగా లేదని నా అభిప్రాయం. సెఫ్ట్రియాక్సోన్ హాఫ్ లైఫ్ ఎనిమిది గంటలు. గంటన్నర ముందు వార్డులో ఇచ్చినా కోత టైముకి కణజాలంలో మందు నిండుగానే ఉంటుంది. 60 నిమిషాలు అని పట్టుకుని మా యూనిట్‌కి తప్పు మార్కు వెయ్యడం ఏం న్యాయం? డబ్ల్యూహెచ్‌ఓ 120 నిమిషాలు అంటుంది కదా.

మైక్రో_మేడమ్

రావు సార్, మందు లెక్కలో మీరన్నది నిజమే. సర్జరీలన్నిటికీ కలిపి డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చిన హద్దు 120 నిమిషాలే, అయితే మందు హాఫ్ లైఫ్‌ని బట్టి చూసుకోమని కూడా అంది. సెఫజోలిన్ హాఫ్ లైఫ్ రెండు గంటల లోపే కాబట్టి దానికి 60 నిమిషాలు అంటాం. సెఫ్ట్రియాక్సోన్ టైము విషయంలో పాసైపోవచ్చు కానీ మందు ఎంపికలో ఫెయిలవుతుంది. అది డబ్ల్యూహెచ్‌ఓ ఆచితూచి వాడమనే వాచ్ గ్రూపు మందు. సిజేరియన్‌కి డబ్ల్యూహెచ్‌ఓ ముందుగా చెప్పేది మొదటి తరం సెఫలోస్పోరిన్ లేదా పెన్సిలిన్ రకం.

క్వాలిటీ గారూ, దీని నుంచి మీ ఫారానికి ఒక నియమం తీసుకోండి. "60 లోపు: అవును / కాదు" అన్న గడి పెట్టొద్దు. డోసు పడిన టైము, కోత టైము రెండూ గంటలు నిమిషాలతో రాయించండి. తీసివేత కంప్యూటర్ చేస్తుంది. రేపు ఎవరైనా 120 ప్రకారం చూపించమంటే అదే డేటాతో చూపించవచ్చు. అవును, కాదు అని టిక్కు పెట్టించారంటే మళ్లీ 60 షీట్లు తిరగెయ్యాల్సిందే.

స్టాఫ్‌నర్స్_అక్క

డోసు టైము మాత్రం ఏ కాగితంలోంచి తీసుకుంటారండీ? మా దగ్గర మూడు చోట్ల ఉంటుంది: వార్డు ట్రీట్‌మెంట్ చార్టు, మత్తు డాక్టర్ చార్టు, ఓటీ రిజిస్టర్. మూడూ ఒకటి కావు. ఇంకో మాట. వార్డులో టెస్ట్ డోస్ వేస్తాం, అరగంట చూస్తాం, రియాక్షన్ లేకపోతే ఫుల్ డోసు కూడా అక్కడే ఇచ్చేస్తాం. ఓటీ నుంచి "పంపండి" అని కబురు వచ్చేసరికి రెండు గంటలు, ఒక్కోసారి మూడు. మధ్యలో ఎమర్జెన్సీ దూరితే ఇంకా ఆలస్యం. ఇది రాసిన డాక్టర్ తప్పూ కాదు, ఇచ్చిన నర్సు తప్పూ కాదు.

మత్తు_డాక్టర్

అక్క చెప్పిందే అసలు కారణం. కేస్ షీట్లో మాత్రం అది "డాక్టర్ గైడ్‌లైన్ పాటించలేదు" అని కనపడుతుంది. టెస్ట్ డోస్ వార్డులోనే వెయ్యండి, కానీ వయల్‌ని రోగితోపాటు ఓటీకి పంపండి. స్పైనల్ ఇచ్చే ముందు టేబుల్ మీద మేమే ఇస్తాం. డబ్ల్యూహెచ్‌ఓ సేఫ్టీ చెక్‌లిస్టులో కోతకు ముందు ఆగి అడిగే ప్రశ్నల్లో "గత 60 నిమిషాల్లో యాంటీబయాటిక్ పడిందా" అన్నది ఎటూ ఉంది. జవాబు చెప్పేవాడి చేతిలోనే సిరంజీ ఉంటే టైము తప్పడం కష్టం.

ఆడిట్‌కి మా చార్టునే ప్రామాణికంగా తీసుకోండి. దాంట్లో లేకపోతే వార్డు చార్టు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఆడిట్ మొదలవకముందే కాగితం మీద రాసి ఉండాలి. లేకపోతే షీట్లు చదివేవాళ్లు తమకి నచ్చిన టైము ఏరుకుంటారు.

టైములన్నీ 9.00, 9.30, 10.00 అని గుండ్రంగా ఉన్నాయా చూడండి. డోసు 9.00, కోత 9.30 అని షీటు తర్వాత షీటు అలాగే ఉంటే అది గడియారం చూసి రాసింది కాదు, కేసు అయ్యాక కూర్చుని నింపింది. శాతం బాగానే కనపడుతుంది, నమ్మడానికి ఉండదు. గోడ గడియారానికీ వార్డు గడియారానికీ తేడా ఎంతుందో కూడా ఒకసారి చూసుకోండి.

క్వాలిటీ_డీహెచ్

చాలా ఉపయోగపడింది. టైము అసలు రాయని వాటిని ఏం చెయ్యాలి? మచ్చుకి కొన్ని షీట్లు చూశాను, చాలావాటిలో "ఇన్‌జెక్షన్ ఇవ్వబడింది" అనే ఉంది.

మైక్రో_మేడమ్

మూడు గడులు పెట్టండి: పాటించారు, పాటించలేదు, రాయలేదు. చివరిదాన్ని మొదటి రెండింటిలో దేనిలోనూ కలపొద్దు. లెక్క చెప్పేటప్పుడు రెండు రకాలుగా చెప్పండి.

ఉదాహరణకి 60 నంబర్లు తీశారు. 54 షీట్లు దొరికాయి, 6 దొరకలేదు. దొరికిన 54లో 5 మందికి ఆపరేషన్‌కి ముందే ఇన్‌ఫెక్షన్ ఉండి చికిత్సగా యాంటీబయాటిక్ నడుస్తోంది, వాళ్లు ఈ ఆడిట్‌లోకి రారు. మిగిలినవి 49. మందు, డోసు రెండూ సరైనవి 31. టైము రాసినవి 28, అందులో 60 నిమిషాల లోపు 19. రాసినవాటిలో చూస్తే 19/28, అంటే 68 శాతం. అందరిలో చూస్తే 19/49, అంటే 39 శాతం. మొదటిదొక్కటే చూపిస్తే సంబరపడతారు, రెండోదొక్కటే చూపిస్తే "ఇచ్చాం, రాయలేదంతే" అని వాదిస్తారు. రెండూ పక్కపక్కన పెడితే వాదన ఆగి, 21 షీట్లలో టైము ఎందుకు లేదన్న ప్రశ్న మొదలవుతుంది. అలాగే తప్పిన 9లో 6 వార్డులో మరీ ముందు ఇచ్చినవి, 3 కోత తర్వాత ఇచ్చినవి అయితే ఆ రెండింటికీ పరిష్కారం వేరు. మొదటిది టెస్ట్ డోస్ సంగతి. రెండోది బొడ్డుతాడు కట్టాక ఇచ్చే పాత అలవాటు. ఇప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ కోతకి ముందే ఇవ్వమంటుంది.

దొరకని షీట్ల గురించి: చివరికి 60కి దగ్గరగా లెక్కలోకి రావాలంటే మొదటే 72 నంబర్లు తీయండి, పై ఎక్సెల్ సూత్రాల్లో 60 ఉన్నచోట 72 పెట్టి A72 దాకా లాగితే సరి. దొరకని షీటు బదులు పక్క నంబరు తీసుకోవడం వద్దు. రిపోర్టులో "ఇన్ని దొరకలేదు" అని ఒక వాక్యం ఉండాలి. ఆరింటిలో అయిదు ఒకే యూనిట్‌వి అయితే అదీ చెప్పాలి.

గైనిక్_రావు

చికిత్సగా ఇచ్చినవి తీసేస్తాం అన్నారు, బాగుంది. మరి ఎమర్జెన్సీలు? ఉమ్మనీరు పోయి పద్దెనిమిది గంటలైనవి, బయట అయిదారుసార్లు పీవీ చేయించుకుని వచ్చినవి, హిమోగ్లోబిన్ 7 ఉన్నవి. వాళ్లకి అయిదు రోజులు ఇవ్వకుండా ఒక్క డోసుతో వదిలెయ్యమంటారా? రేపు కుట్లు విడిపోతే ఆడిట్ చేసినవాళ్లు వచ్చి జవాబు చెప్తారా?

ప్రసూతి_పీజీ

సార్, నీరు పోవడం వేరు, ఇన్‌ఫెక్షన్ వేరు కదా. జ్వరం, తల్లి నాడి, బిడ్డ గుండె వేగం, నీటి వాసన చూసి కోరియోఆమ్నియోనైటిస్ అని రాస్తే చికిత్స కింద పోతుంది. రాయకుండా "ముందుజాగ్రత్త"గా ఇచ్చే అయిదు రోజులే ఈ ఆడిట్ చూడాల్సింది. ప్రసవ నొప్పుల్లో ఉన్నవాళ్లకి, ఉమ్మనీరు పోయినవాళ్లకి మామూలు ప్రొఫైలాక్సిస్‌తోపాటు అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. ఒక్క డోసు కలిపితే ఇన్‌ఫెక్షన్లు 12 నుంచి 6.1 శాతానికి తగ్గాయని 2016లో అమెరికాలో జరిగిన ట్రయల్ ఉంది. అంటే ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్లకి రోజులు పెంచాలని అందులో లేదు, మొదటి డోసునే గట్టిగా చెయ్యమని ఉంది.

మైక్రో_మేడమ్

పీజీ గారు మంచి పాయింట్ తెచ్చారు. అయితే అజిత్రోమైసిన్ కూడా వాచ్ గ్రూపే. అది పాలసీలో ఉండాలా వద్దా అన్నది మీ కమిటీ ముందే తేల్చుకోవాలి. పాలసీలో లేనిదాన్ని ఆడిట్‌లో తప్పనీ అనకూడదు, ఒప్పనీ అనకూడదు. నా మటుకు నాకు ఇంకా తేలలేదు.

రావు సార్ అడిగినదాంట్లో ఒకటి మాత్రం పట్టించుకోవాలి. "ఇన్‌ఫెక్షన్ ఉంది" అన్న మినహాయింపు తలుపు తెరిచి ఉంటే రెండో నెలకి సగం షీట్లలో "ఫౌల్ లిక్కర్" అని కనపడుతుంది. అందుకని మినహాయింపుకి షీట్లో రెండు ఆధారాలు అడగండి: రోగనిర్ధారణ మాట ఒకటి, టీపీఆర్ చార్టులో ఉష్ణోగ్రతో నాడి వేగమో ఇంకోటి. మినహాయింపులు ఎన్ని అన్నది ప్రతి నెలా రిపోర్టులో వెయ్యండి. అది 5 నుంచి 20కి పెరిగితే రోగాలు పెరిగాయనుకోకండి, రాత మారిందనుకోండి.

ఫార్మసీ_స్టోర్

ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న: సెఫజోలిన్ మీ స్టోర్లో ఉందా? ఇండెంట్‌లో పెట్టకపోతే రాదు, పెట్టినా ఒక్కోసారి రాదు. సరుకు లేని రోజున సెఫ్ట్రియాక్సోన్ వాడితే డాక్టర్‌కి తప్పు మార్కు పడుతోంది. ఈ-ఔషధిలో రోజువారీ బ్యాలెన్స్ కనపడుతుంది, ఆడిట్ నెలకి ఆ జాబితా తీసుకుని "ఆ రోజు సరుకు ఉంది / లేదు" అనే గడి ఫారంలో పెట్టండి. లేని రోజులకి ప్రత్యామ్నాయం ఏమిటో పాలసీలో ఉండాలి. యాంపిసిలిన్ 2 గ్రాములు అని రాసుకోవచ్చు, పెన్సిలిన్ రకాన్ని కూడా డబ్ల్యూహెచ్‌ఓ ఒప్పుకుంటుందని మేడమ్ పైన చెప్పారు.

ఇంకోటి, షీట్లు చెప్పేది నిజమో కాదో వయల్స్ చెప్తాయి. 160 సిజేరియన్లకి 2 గ్రాముల చొప్పున అంటే ఒక గ్రాము వయల్స్ 320 పోవాలి. అదే సెఫ్ట్రియాక్సోన్ గ్రాము పూటకొకటి, రోజుకి రెండు, అయిదు రోజులంటే మనిషికి 10, నెలకి 1,600. షీట్లలో 24 గంటల్లో ఆపారని 80 శాతం కనపడుతూ, పోస్ట్‌నేటల్ వార్డు ఇండెంట్ మాత్రం 1,200 దగ్గరే ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టు.

స్టాఫ్‌నర్స్_అక్క

ఆ తేడా ఎక్కడో నేను చెప్తా. డాక్టర్ "స్టాప్" అని రాయరు. మొదటిరోజు ఆర్డరే "సీటీ ఆల్" అని ముందుకి నడుస్తుంది. ఆపమని రాసేదాకా మేం ఇస్తూనే ఉండాలి. ఇంజెక్షన్లు మూడోరోజు ఆగినా డిశ్చార్జిలో సెఫిక్సిమ్ 200 రోజుకి రెండుసార్లు అయిదు రోజులు ఉంటుంది. దాన్ని ఎవరైనా చూస్తున్నారా?

మైక్రో_మేడమ్

చూడకపోతే ఆడిట్ సగమే అయినట్టు. ఫారంలో "చివరి డోసు ఎప్పుడు" అన్నదానికి జవాబు డాక్టర్ ఆర్డరు పేజీలోంచి కాకుండా నర్సు సంతకం ఉన్న చార్టులోంచి తీయాలి. తర్వాత డిశ్చార్జి కాగితం తెరిచి నోటి యాంటీబయాటిక్ ఉందా చూడాలి. ఉంటే 24 గంటల్లో ఆపినట్టు కాదు. నా ఉదాహరణలోని 49లో ఇంజెక్షన్ల వరకే చూస్తే ఆపినవి 26 అనుకోండి, డిశ్చార్జి చీటీ చూశాక 12కి పడిపోవడం వింతేం కాదు. మందు, టైము, ఆపడం మూడూ సరైనవి చివరికి 6 మిగలొచ్చు.

24 గంటలు ఎక్కడినుంచి అన్నదీ ముందే తేల్చుకోండి. ఆపరేషన్ ముగిసిన టైము నుంచి అనుకుంటే వాదనలు తక్కువ. అసలు లెక్క పెట్టడానికి ముందు ఇద్దరు విడివిడిగా అవే 10 షీట్లు చదివి జవాబులు పోల్చుకోండి. మందు పేరు దగ్గర ఇద్దరూ కలుస్తారు. డోసు టైము, చివరి డోసు, మినహాయింపు ఈ మూడింటి దగ్గరే విడిపోతారు. విడిపోయిన ప్రతి చోటా ఫారం వెనక ఒక వాక్యం నియమం రాయండి.

క్వాలిటీ_డీహెచ్

రాసుకుంటున్నాను మేడమ్. ఇక కష్టమైనది మిగిలింది: యూనిట్లకు చెప్పడం. యూనిట్ వారీగా ర్యాంకులు ఇమ్మని పైనుంచి అడుగుతున్నారు.

గణాంకం_గురూజీ

ర్యాంకులు ఇవ్వకండి. మర్యాద కోసం కాదు, లెక్క ఒప్పుకోదు. 60 షీట్లలో 24 సరైనవి అంటే 40 శాతం, ఆసుపత్రి మొత్తానికి అసలు సంఖ్య 30కీ 50కీ మధ్య ఉంటుందని చెప్పవచ్చు. అదే యూనిట్‌కి 20 షీట్లు వస్తాయి. ఒకరికి 20కి 6, ఇంకొకరికి 20కి 10 వచ్చాయంటే 30 శాతం, 50 శాతం అని చాలా తేడాగా కనపడుతుంది. 20 షీట్ల మీద అటూఇటూ తేడాయే ఇరవై శాతానికి దగ్గర. వచ్చే నెల వరస తలకిందులవుతుంది, అప్పుడు ఆడిట్ మీద నమ్మకం పోతుంది.

నన్నడిగితే ఒకేసారి 60 కూడా వద్దు. పదిహేను రోజులకి 15 షీట్లు, ఆగకుండా. ఒక్కో చుక్క గీత మీద పెట్టుకుంటూ పోండి. మధ్యరేఖకి ఒకే పక్క వరసగా ఆరు చుక్కలు పడితే ఏదో మారినట్టు. మూడు నెలలు పడుతుంది కానీ కదలిక కనపడుతుంది.

మైక్రో_మేడమ్

గురూజీ, మొదటిసారి మాత్రం 60 ఉండాలని నా పట్టు. 15 షీట్లలో టెస్ట్ డోస్ వల్ల తప్పినవి రెండో మూడో ఉంటాయి, వాటిని చూసి ఎవరూ ఓటీ పద్ధతి మార్చరు. కారణాలు విడదీయడానికి పెద్ద శాంపిల్, తర్వాత కదలిక చూడటానికి మీ 15.

గణాంకం_గురూజీ

కారణాల కోసం అయితే తప్పిన షీట్లే ఏరి చదవొచ్చు, దానికి శాతం లెక్క అక్కర్లేదు. 60 షీట్లు చదివేసరికి నెల గడుస్తుంది, చెప్పేసరికి రెండు. అప్పటికి హౌస్ సర్జన్లు మారిపోతారు. దీంట్లో మనకి కుదరదు మేడమ్.

మత్తు_డాక్టర్

చెప్పే పద్ధతి గురించి. 2012 కోక్రేన్ సమీక్షలో 140 అధ్యయనాలు కలిపి చూస్తే ఆడిట్, ఫీడ్‌బ్యాక్ వల్ల వచ్చిన మెరుగుదల మధ్యస్థంగా 4.3 శాతం పాయింట్లే. అందుకని ఒక్క మీటింగ్‌తో 40 నుంచి 80కి వెళ్తుందని సూపరింటెండెంట్‌కి మాట ఇవ్వకండి. ఎక్కడ బాగా పనిచేసిందో కూడా అందులోనే ఉంది: మొదటి ఫలితం తక్కువగా ఉన్నచోట, చెప్పేది పైఅధికారో తోటి డాక్టరో అయినచోట, ఒకసారి కాక మళ్లీ మళ్లీ చెప్పినచోట, నోటితోనూ కాగితం మీదా చెప్పినచోట, లక్ష్యమూ చెయ్యాల్సిన పనీ స్పష్టంగా ఉన్నచోట.

మీకు దీని అర్థం ఏమిటంటే, మీరు నిలబడి చెప్పకండి. గైనిక్ హెచ్‌ఓడీ చేత చెప్పించండి. షీట్లు చదవడం అయిన రెండు వారాల లోపు, యూనిట్ మీటింగ్‌లోనే, ఇరవై నిమిషాలు. ఆసుపత్రి మొత్తం అంకెలు మాత్రమే తెర మీద. ఏ యూనిట్ అంకెలు ఆ యూనిట్ చీఫ్‌కి కవర్లో, ఎన్ని షీట్ల మీద వచ్చాయో రాసి. రోగి పేరూ డాక్టర్ పేరూ తీసేసిన రెండు మూడు షీట్ల ఫొటోలు చూపిస్తే అంకెల కంటే ఎక్కువ మాట్లాడుకుంటారు. లేచేముందు ఒక్క మార్పు ఒప్పించండి: వయల్ ఓటీకి వెళ్తుంది, ఎవరు పంపుతారు, ఏ తేదీ నుంచి. "డాక్టర్లకు అవగాహన కల్పించాలి" అని మినిట్స్‌లో రాస్తే ఏమీ జరగదు.

గైనిక్_రావు

కవర్లో ఇస్తామంటే నాకు అభ్యంతరం లేదు. కానీ నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. రోజులు తగ్గించాక ఇన్‌ఫెక్షన్లు పెరిగితే ఎలా తెలుస్తుంది? మా తల్లులు నాలుగో అయిదో రోజు ఇంటికి వెళ్తారు. చీము పట్టేది ఆ తర్వాత.

ప్రసూతి_పీజీ

30 రోజులు చూడాలి సార్. డిశ్చార్జిలో ఫోన్ నంబరు తీసుకుని 10వ రోజు, 30వ రోజు నర్సు ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగవచ్చు: కుట్ల దగ్గర చీము, కుట్లు విడిపోవడం, జ్వరం, ఎక్కడైనా మళ్లీ చూపించుకోవడం. ఫోన్ కలవనివాళ్లని ఆశా కార్యకర్త ఇంటికెళ్లి చూస్తుంది.

గణాంకం_గురూజీ

చెయ్యండి, కానీ మార్పుకి ముందు రెండు మూడు నెలల నుంచే మొదలుపెట్టండి. ఫోన్లు మొదలుపెట్టగానే ఇన్‌ఫెక్షన్లు "పెరుగుతాయి", ఎందుకంటే ఇన్నాళ్లూ లెక్కలోకి రానివి ఇప్పుడు వస్తాయి. రెండూ ఒకే నెలలో మొదలైతే రావు గారు తప్పకుండా ఒక్క డోసు మీదికి తోస్తారు. 160లో ఉదాహరణకి 5 శాతం అంటే 8 మంది. ఏమీ మారకుండానే ఒక నెల 3, ఒక నెల 13 రావొచ్చు. కాబట్టి ఒక చెడ్డ నెల చూసి వెనక్కి పోకూడదు, ఒక మంచి నెల చూసి గెలిచామనీ అనకూడదు.

గైనిక్_రావు

తోస్తానో లేదో చూద్దాం. ముందు నెలల లెక్క ఉంటే నాకు అభ్యంతరం లేదు. మా యూనిట్లో ఎలక్టివ్‌ల వరకు మొదలుపెట్టుకోండి. ఎమర్జెన్సీలు తర్వాత మాట్లాడదాం.

క్వాలిటీ_డీహెచ్

థాంక్యూ సార్. అయితే వచ్చే నెల నుంచి ఫోన్ కాల్స్ ముందు మొదలుపెడతాం. ఫార్మసీ_స్టోర్ గారూ, సెఫజోలిన్ మా త్రైమాసిక ఇండెంట్‌లో లేదని ఇప్పుడే చూశాను. మధ్యలో చేర్చుకోవడం కుదురుతుందా, లేక ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ నిధులతో స్థానికంగా కొనాలా?

ఫార్మసీ_స్టోర్

సప్లిమెంటరీ ఇండెంట్ పెట్టండి, సూపరింటెండెంట్ సంతకంతో, నెలకి 320 వయల్స్ చొప్పున, పైన పదో వంతు కలిపి. వచ్చేదాకా స్థానికంగా కొనుక్కోండి. బిల్లు పెట్టేటప్పుడు సెంట్రల్ డ్రగ్ స్టోర్ ఇచ్చిన నాన్ అవైలబిలిటీ కాగితం జత చెయ్యండి, లేకపోతే ఆడిట్‌లో పట్టుకుంటారు. మీ ఆడిట్ కాదు, అకౌంట్స్ వాళ్లది.

ప్రసూతి_పీజీ

మేడమ్, ఒక చిన్న సందేహం. ఈ డేటాతో నేను కాన్ఫరెన్స్ పోస్టర్ వేసుకోవచ్చా?

మైక్రో_మేడమ్

ఆసుపత్రి లోపలి ఆడిట్‌కి సూపరింటెండెంట్ రాతపూర్వక అనుమతి చాలు. బయట చూపించాలనుకుంటే షీట్లు తీయకముందే ఎథిక్స్ కమిటీకి రాయండి. తీశాక అడిగితే ఇవ్వరు.